ఇన్సెంటివ్ జీతానికి హోమ్‌లోన్ ఎంత వస్తుంది?

హైదరాబాద్‌లో మందుల కంపెనీ తరఫున డాక్టర్ల చుట్టూ తిరిగే ఒక మెడికల్ రెప్ ఉన్నాడనుకుందాం. కోతలన్నీ పోను నెలనెలా చేతికొచ్చే ఫిక్స్‌డ్ జీతం 32 వేలు. దానిపైన ఇన్సెంటివ్. ఏప్రిల్, జులై, జనవరి నెలల్లో అది సున్నా. మిగతా తొమ్మిది నెలల్లో ఒకసారి 4 వేలు, ఒకసారి 22 వేలు, మార్చిలో ఏకంగా 32 వేలు. ఏడాది మొత్తం 1,20,000.

ఫ్లాట్ చూడగానే అతను ఆఖరి మూడు నెలలు లెక్కేసుకున్నాడు. జనవరిలో ఏమీ రాకపోయినా ఫిబ్రవరి 10 వేలు, మార్చి 32 వేలు కలిపితే సగటు 14 వేలు. అంటే ఆదాయం 46 వేలని రాసుకున్నాడు. ఇన్సెంటివ్ వచ్చిన తొమ్మిది నెలలతోనే భాగించేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. రాని నెలలు కూడా ఏడాదిలోవే కాబట్టి పన్నెండుతోనే భాగించాలి. అప్పుడు సగటు 10 వేలు.

ఆ పది వేలనూ బ్యాంకు పూర్తిగా ఒప్పుకోకపోవచ్చు. వచ్చే ఏడాదీ ఇంతే వస్తుందన్న హామీ లేదు కదా! అందుకే చాలాచోట్ల సగమే పరిగణిస్తారు. ఎంత శాతం అన్నది ఒక్కో బ్యాంకుకు ఒక్కోలా ఉంటుంది, దరఖాస్తుకు ముందే అడగాలి. సగమే అనుకుంటే ఇతని ఆదాయం 37 వేలు. అందులో సగం, 18,500 దాకా ఈఎంఐలకు పోవచ్చని బ్యాంకు అనుకుంటే, బైక్ లోన్ 3,500 తీసేయగా మిగిలేది 15 వేలు. 9 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుకు లక్షకు సుమారు 900 చొప్పున ఈఎంఐ పడుతుంది. వచ్చే లోన్ 16 లక్షల 60 వేల చిల్లర. తను వేసుకున్న 46 వేల లెక్కలో అది 21 లక్షలు దాటింది. ఆ ధీమాతో బయానా ఇచ్చేస్తే తేడా ఐదు లక్షలు ఎక్కడినుంచి తెస్తాడు?

ఇంకో చిక్కు టీఏ, డీఏ. ఆ డబ్బూ జీతం ఖాతాలోనే పడుతుంది కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆదాయంలాగే కనిపిస్తుంది. కానీ అది తిరుగుడు ఖర్చులకు ఇచ్చింది, ఆదాయం కిందికి రాదు. పేస్లిప్ పక్కన పెట్టుకుని, ఇన్సెంటివ్ అని ఉన్న మొత్తాలనే ఏరుకోవాలి. వాటిలోనూ పన్ను పోగా ఖాతాలో పడినదే తీసుకోవాలి.

మూడు నెలలకోసారి ఇన్సెంటివ్ ఇచ్చే కంపెనీల్లో చెల్లింపు ఆలస్యమైతే, పన్నెండు నెలల స్టేట్‌మెంట్‌లో ఐదు చెల్లింపులు కనిపించవచ్చు. ఏడాదికి నాలుగే లెక్క.

మన రెప్‌కు లోన్ పెరగాలంటే ఇన్సెంటివ్ వెంట పరుగెత్తడం కన్నా బైక్ లోన్ తీర్చేయడం మేలు. 3,500 ఈఎంఐ తగ్గితే అర్హత దాదాపు 3.9 లక్షలు పెరుగుతుంది. అంతే పెరుగుదల ఇన్సెంటివ్‌తో రావాలంటే సగటు నెలకు మరో 14 వేలు పెరగాలి.