పాల కేంద్రంలో ఫోను ఎందుకు వేడెక్కింది?

"సార్, ఫోను జేబులో పెట్టుకుంటే కాలిపోతోంది. పొద్దున్న వంద శాతం చార్జింగుతో వచ్చాను, తొమ్మిదికల్లా నలభైకి దిగింది. పాలేమో ఒక్కటీ ఎక్కలేదు."

ఒక పాల సేకరణ కేంద్రం నుంచి వచ్చిన ఫోను అది. అక్కడి గుమస్తా వాడుతున్న యాప్‌ని రాసింది మా బృందమే. రైతు పాలు పోయగానే లీటర్లు, వెన్న శాతం ఫోన్‌లో కొడతారు, అది సర్వర్‌కి వెళుతుంది, పదిహేను రోజులకోసారి ఆ లెక్క ప్రకారమే డబ్బులు పడతాయి. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా అన్ని కేంద్రాల్లోనూ ఒకేసారి రద్దీ. ఆ రోజు ఆరుంపావుకి మా సర్వర్ ఆగి, తొంభై సెకన్లలో మళ్ళీ లేచింది. కానీ ఆ తర్వాత ముప్పావుగంట దాకా ఎవరికీ పని చేయలేదు.

లేచిన సర్వర్ పని చేయకపోవడమేమిటన్నది మాకు చాలాసేపు అంతుపట్టలేదు. తప్పు సర్వర్‌లో లేదు. ఫోన్‌లో మేం రాసిన రెండు వాక్యాల్లో ఉంది: ఐదు సెకన్లలో జవాబు రాకపోతే ఆ ప్రయత్నం వదిలెయ్యి, వెంటనే కొత్తగా పంపు. రాసేటప్పుడు అది శ్రద్ధగానే అనిపించింది. రైతు లెక్క పోకూడదు కదా!

లెక్క తేలిగ్గా ఉండటానికి గుండు అంకెలు తీసుకుందాం. ఫోన్లు 8,000. సర్వర్ సెకనుకి 400 అభ్యర్థనలు పూర్తి చేయగలదు. మామూలు రోజున ఇది ఎంతో మిగులు, ఎందుకంటే ఒక్కో కేంద్రం నిమిషానికి ఒకటో రెండో పంపుతుంది. సర్వర్ ఆగిపోయినప్పుడు మాత్రం ప్రతి ఫోనూ ఐదు సెకన్లకోసారి అడుగుతుంది. అంటే సెకనుకి 1,600. సర్వర్ లేచీ లేవగానే సెకనుకి 1,200 చొప్పున వరస పెరుగుతుంది. రెండు సెకన్లు తిరక్కముందే ఆ వరసలో 2,000 మంది. ఇక కొత్తగా వచ్చినవారి వంతు రావడానికి ఐదు సెకన్లు దాటుతుంది. కానీ ఐదో సెకనులో ఫోను ఆ ప్రయత్నాన్ని వదిలేసి, వరస చివర కొత్తగా నిలబడింది. సర్వర్‌కి ఆ సంగతి తెలియదు. వెళ్ళిపోయినవాడి పనే ఒళ్ళు దాచుకోకుండా చేస్తూ, వినేవాడు లేని జవాబులు పంపుతూ ఉంటుంది. యంత్రం నూటికి నూరు పాళ్ళు కష్టపడుతుంది, ఫలితం సున్నా. చివరికి మేం ముందు తలుపు మూసేసి, కొద్దికొద్ది ఫోన్లనే లోపలికి వదిలితేగానీ ఊపిరాడలేదు.

ఈ చిక్కుకి విరుగుడు పాతదే. 1970ల్లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ ఈథర్‌నెట్ రూపొందించినప్పుడు వాళ్ళకీ ఇదే ఎదురైంది. ఒకే తీగ మీద రెండు కంప్యూటర్లు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ చెడిపోతాయి. ఇద్దరూ వెంటనే మళ్ళీ మాట్లాడితే మళ్ళీ చెడిపోతాయి. అందుకని ఒక్కొక్కరూ చీటీ తీసినట్టు ఎంతో కొంత కాలం ఆగాలి, మళ్ళీ ఢీకొంటే ఆ చీటీల పరిధి రెట్టింపు చేసుకోవాలి. ఈ రెండు ముక్కల్లో రెట్టింపుని ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ అనీ, చీటీని జిట్టర్ అనీ అంటున్నాం.

మేం మొదట రెట్టింపు ఒక్కటే పెట్టాం. 2 సెకన్లు ఆగు, తప్పితే 4, తర్వాత 8, 16, 32, 64. సర్వర్ ఒకే క్షణంలో ఆగింది కాబట్టి ఎనిమిది వేల ఫోన్లూ దాదాపు ఒకే క్షణంలో ఆ లెక్క మొదలుపెట్టాయి. అందరూ కలిసి రెండో సెకనులో వచ్చారు, కలిసి ఆరో సెకనులో, కలిసి పద్నాలుగో సెకనులో. సర్వర్ గ్రాఫు రంపం పళ్ళలా వచ్చింది: ఒక్కసారిగా నిటారుగా ఒక పన్ను, తర్వాత ఖాళీ, మళ్ళీ పన్ను. పళ్ళ మధ్య దూరం పెరుగుతోంది గానీ ఎత్తు తగ్గడం లేదు. మీ సర్వర్ గ్రాఫులో ఆ రంపం కనిపిస్తే ఫోన్లన్నీ ఒకే తాళానికి అడుగులు వేస్తున్నాయని అర్థం.

చీటీ కలిపితే కథ మారుతుంది. 64 సెకన్లు ఆగమనే బదులు, సున్నా నుంచి 64 లోపు ఏదో ఒక అంకె తీసుకుని అంతసేపు ఆగమంటాం. అప్పుడా విడతలోని 8,000 ఫోన్లు 64 సెకన్ల పొడవునా చెదిరిపోతాయి. సెకనుకి 125. ముందు విడత వాళ్ళూ తర్వాతి విడత వాళ్ళూ కలగలిసినా సుమారు 250. సర్వర్ శక్తి 400. మొదటి రెండు మూడు విడతల్లో, అంటే పరిధి 2, 4, 8 సెకన్లుగా ఉన్నప్పుడు, రద్దీ ఇంకా మోయలేనంతే ఉంటుంది. కానీ అది నిమిషంలో దానంతటదే పలచబడుతుంది.

కాట్లిన్‌లో అది రెండు వరసలు.

```kotlin
val ceiling = minOf(900_000L, 2_000L * (1L shl minOf(attempt, 9)))
val waitMs = Random.nextLong(ceiling + 1)
```

మొదటి వరస పరిధి చెబుతుంది. 2,000 మిల్లీసెకన్లతో మొదలై రెట్టింపవుతూ 15 నిమిషాల దగ్గర ఆగుతుంది. రెండోది అందులోంచి చీటీ తీస్తుంది. లోపలున్న ఆ 9ని చాలామంది వదిలేస్తారు. రాత్రంతా సర్వర్ అందకపోతే ప్రయత్నాల అంకె అరవైకి చేరవచ్చు. అన్నిసార్లు రెట్టింపు చేస్తే సంఖ్య పట్టక రుణ సంఖ్యగానో సున్నాగానో మారుతుంది. అప్పుడు యాప్ కూలిపోతుంది, లేదా ఆగకుండా పంపడం మొదలుపెడుతుంది. తప్పకుండా పని చేయాల్సిన రోజునే బయటపడే తప్పు ఇది.

ఇక గుమస్తా జేబు కాలిన సంగతి. ఫోన్‌లో మొబైల్ డేటా పంపే రేడియో ఒక లీటరు లెక్క పంపినా, పెద్ద ఫోటో పంపినా ముందు పూర్తిగా మేలుకోవాలి. పంపడం అయిపోయాక కూడా ఇంకేమైనా వస్తుందేమోనని కొంతసేపు మేలుకునే ఉంటుంది. 4జీ నెట్‌వర్కుల్లో ఇది సుమారు పది సెకన్లు. ఐదు సెకన్లకోసారి పంపితే దానికి కునుకు పట్టే వ్యవధే దొరకదు. గంటలో 720 ప్రయత్నాలు, గంటంతా రేడియో మెలకువ. మా కొత్త లెక్కలో సర్వర్ గంటసేపు అందకపోయినా ప్రయత్నాలు సుమారు 15. అందులో మొదటి మూడు నాలుగూ ఒకే మెలకువలో కలిసిపోతాయి. మొత్తం మీద రేడియో మేలుకునేది మూడు నాలుగు నిమిషాలు.

అసలు సిగ్నలే లేని చోట ప్రయత్నించడం ఇంకా దండగ. ఆండ్రాయిడ్‌లో ఇలాంటి పనులకి `WorkManager` ఉంది. నెట్‌వర్క్ ఉంటేనే మొదలుపెట్టమని `NetworkType.CONNECTED` షరతు పెడితే సిగ్నల్ వచ్చేదాకా అది మన పనిని కదిలించదు. రెట్టింపు కూడా అదే చూసుకుంటుంది: మనమేమీ చెప్పకపోతే 30 సెకన్లతో మొదలై 5 గంటల దాకా వెళుతుంది. చీటీ మాత్రం అది వేయదు. అందుకే మేం మొదలుపెట్టే ఆ 30ని ఒక్కో పనికీ 20 నుంచి 60 లోపు వేరే వేరే అంకెగా ఇస్తున్నాం.

అన్ని తప్పులకీ మళ్ళీ ప్రయత్నం మందు కాదు. జవాబు రాకపోయినా, 503 వచ్చినా ఆగి పంపడంలో అర్థముంది. 400 వస్తే మనం పంపిందే తప్పు, వందసార్లు పంపినా తప్పే. 401 వస్తే మళ్ళీ లాగిన్ కావాలి. 429 వస్తే సర్వర్ నెమ్మదించమంటోంది. దానితో పాటు ఒక్కోసారి `Retry-After: 120` అని వస్తుంది, రెండు నిమిషాలాగి రమ్మని. ఆ మాట వినాలి. కానీ ఎనిమిది వేల ఫోన్లకీ అదే మాట చెబితే సరిగ్గా నూట ఇరవయ్యో సెకనుకి అందరూ గుమ్మంలో ఉంటారు. అందుకే దాని పైన కూడా కొన్ని సెకన్ల చీటీ వేస్తాం.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇవేవీ కావు. ఆ ముప్పావుగంట తర్వాత కొందరు రైతుల లెక్కలు చూస్తే 12.5 లీటర్లు పోసిన ఒకాయన పేర 37.5 పడి ఉంది. సర్వర్ ఆలస్యంగానైనా ప్రతి ప్రయత్నాన్నీ రాసేసుకుంది. ఫోనుకి మాత్రం అందినట్టు తెలియలేదు, అందుకే మళ్ళీ పంపింది. మూడుసార్లు పంపితే మూడుసార్లు పడింది. జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు, జరిగిందో లేదో తెలియదని మాత్రమే. ఇప్పుడు గుమస్తా లీటర్లు కొట్టగానే, పంపకముందే, ఫోను ఆ ఎంట్రీకి ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తుంది. ఎన్నిసార్లు పంపినా అదే సంఖ్య వెళుతుంది. సర్వర్ ఆ సంఖ్యని ముందే చూసి ఉంటే కొత్తగా రాయకుండా, పాత జవాబే తిరిగి ఇస్తుంది. ఇది లేకుండా మళ్ళీ పంపే యాప్ ఏదైనా, అందులో డబ్బు లెక్క ఉంటే, ఎవరికో ఒకరికి అన్యాయం చేస్తుంది. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు.

ప్రతి అభ్యర్థనతోనూ అది ఎన్నో ప్రయత్నమో కూడా ఇప్పుడు పంపుతున్నాం. మామూలు రోజున నూటికి తొంభైకి పైగా మొదటి ప్రయత్నాలే ఉండాలి. రెండోవి, మూడోవి పదిని దాటుతున్నాయంటే ఎవరూ ఫోను చేయకముందే ఏదో నలుగుతోందని తెలిసిపోతుంది.

ఒక ఇబ్బంది మిగిలింది. పరిధి 15 నిమిషాలకి చేరాక సర్వర్ లేచినా ఫోనుకి తెలియదు, తన చీటీ ప్రకారం పన్నెండు నిమిషాలు ఆగుతూనే ఉండవచ్చు. క్యాను పట్టుకుని నిలబడ్డ రైతు "ఎక్కిందా బాబూ?" అని అడుగుతుంటే గుమస్తా ఆగలేడు. అందుకని "ఇప్పుడే పంపు" అనే మీట పెట్టాం. నొక్కితే ఒక్క ప్రయత్నం వెంటనే వెళుతుంది, తర్వాత పది సెకన్లు ఆ మీట పని చేయదు. అయినా మొదటి వారం జనం దాన్ని కసికొద్దీ నొక్కారు. ఆ నొక్కుడు తగ్గించింది మీట పైన మేం చేర్చిన చిన్న వాక్యం: "12.5 లీటర్లు ఫోన్‌లో భద్రంగా ఉన్నాయి. పంపాల్సినవి 3." గుమస్తా ఇప్పుడు ఆ తెరని రైతువైపు తిప్పి చూపిస్తున్నాడు.