బెల్ కర్వ్ లేకుండా "అటూ ఇటూ ఎంత?" చెప్పడం ఎలా: కన్ఫార్మల్ ప్రిడిక్షన్

ఈరోజు డైరెక్ట్‌గా ఉదాహరణలోకి వెళ్లిపోదాం.

హాస్టళ్ల పక్కన ఒక టిఫిన్ సెంటర్ ఉందనుకోండి. రేపు 180 ప్లేట్ల ఇడ్లీ పోతుందని మీ మోడల్ చెప్పింది. పిండి ఈ రాత్రికే రుబ్బి పెట్టాలి. అప్పుడు ఓనర్ అడిగేది ఒక్కటే: "180 సరే తమ్ముడూ, అటూ ఇటూ ఎంత?"

మామూలుగా మనం ఏం చేస్తాం? తప్పులన్నీ బెల్ కర్వ్‌లో ఉంటాయనుకుని, స్టాండర్డ్ డీవియేషన్‌ని 1.645తో గుణించి "90 శాతం గ్యారంటీ" అనేస్తాం. కానీ ఇడ్లీ అమ్మకాలు బెల్ కర్వ్‌లోనే ఉంటాయని ఎవరు చెప్పారు? ఒక్క వాన చాలు, లెక్క తారుమారు అవడానికి.

కన్ఫార్మల్ ప్రిడిక్షన్ ఆ ఊహ జోలికే పోదు. వ్లాదిమిర్ వోవ్క్, గామర్‌మన్, షేఫర్ 2005లో దీని మీద పుస్తకమే రాశారు, కానీ అసలు పని చాలా సింపుల్. మోడల్‌ని పాత డేటా మీద ట్రైన్ చేసి ఆపేయండి. తర్వాతి 19 రోజుల డేటా దానికి నేర్పొద్దు, అంచనా మాత్రం వేయించండి. ప్రతిరోజూ ఎన్ని ప్లేట్లు తేడా వచ్చిందో, ప్లస్సా మైనస్సా అని చూడకుండా, రాసుకోండి. ట్రైనింగ్‌లో చూసిన రోజుల తప్పులు మాత్రం వాడకూడదు. అవి మోడల్‌కి ముందే తెలిసిన పేపర్ లాంటివి, తప్పులు చిన్నగా కనిపిస్తాయి.

ఇప్పుడు ఆ 19 తప్పుల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చండి. మన లెక్కలో ఆఖరి మూడు 18, 23, 41 అనుకుందాం. 90 శాతం కావాలంటే 18వది తీసుకోవాలి, అంటే 23. ఓనర్‌కి చెప్పాల్సిన జవాబు: 157 నుంచి 203 ప్లేట్లు.

```python
import math

n = len(errors)              # 19
k = math.ceil((n + 1) * 0.9) # 18
q = sorted(errors)[k - 1]    # 23
```

18వదే ఎందుకు? అసలు మ్యాజిక్ అంతా ఇక్కడే ఉంది. రేపటి తప్పు కూడా తెలిశాక మొత్తం 20 అవుతాయి. రేపు కూడా ఆ 19 రోజుల్లాంటి రోజే అయితే, దాని తప్పు 20 స్థానాల్లో ఎక్కడైనా పడొచ్చు, అన్నిటికీ సమాన అవకాశం. 23 దాటాలంటే అది 19వ స్థానంలోనో 20వ స్థానంలోనో ఉండాలి. 20లో 2, అంటే 10 శాతం. అంతే! కర్వ్ ఏ ఆకారంలో ఉందో మనం అడగనే లేదు.

అదే ఓనర్ 99 శాతం అడిగితే? ఫార్ములా 20వ తప్పుని అడుగుతుంది, మన దగ్గర ఉన్నవి 19. అప్పుడు నిజాయితీగా ఇవ్వగలిగిన రేంజ్‌కి అంతే ఉండదు. కనీసం 99 రోజుల డేటా కావాలి. ఈ మెథడ్‌లో నాకు బాగా నచ్చేది ఇదే, లేని డేటాని ఉన్నట్టు నటించదు.

ఇక గ్యారంటీలో మెలిక. 90 శాతం అనేది మొత్తం మీద, ప్రతి వారానికీ కాదు. 70 రోజుల్లో 7 సార్లు రేంజ్ తప్పింది, పర్ఫెక్ట్ అనుకుంటాం. ఆ 7 ఆదివారాలే అయితే? 10 ఆదివారాల్లో 7 ఫెయిల్! అందుకే తప్పిన రోజుల్ని వారాల వారీగా విడగొట్టి చూడండి. తేడా కనిపిస్తే ఆదివారాల తప్పుల్ని వేరుగా పేర్చండి. 90 శాతానికి కనీసం 9 ఆదివారాలు ఉండాలి.

ఇంకో పెద్ద చిక్కు, "రేపు కూడా ఆ 19 రోజుల్లాంటిదే" అన్న మాట. దీన్నే ఎక్స్‌చేంజబిలిటీ అంటారు, రోజుల్ని కలిపేసినా తేడా తెలియకూడదు. సంక్రాంతికి హాస్టల్ ఖాళీ అయితే ఆ మాట నిలబడదు. 2020 అమెరికా ఎన్నికల రాత్రి వాషింగ్టన్ పోస్ట్ కూడా ఈ పద్ధతిని వాడి, లెక్క తేలిన కౌంటీల నుంచి మిగతావాటికి రేంజ్ వేసింది. అక్కడా అదే ప్రశ్న: ముందు తేలినవి, ఆలస్యంగా తేలేవి ఒకేలా ఉంటాయా?

దీనికి గిబ్స్, కాండెస్ 2021లో ఒక చిన్న రూల్ ఇచ్చారు. మనం ఒప్పుకున్న తప్పు రేటు `alpha`, 0.10 దగ్గర మొదలవుతుంది. రోజూ దాన్ని కొంచెం జరుపుతాం:

```python
alpha = alpha + 0.02 * (0.10 - miss)
```

ఈరోజు రేంజ్ తప్పితే `miss` 1, లేకపోతే 0. తప్పితే `alpha` 0.082కి దిగుతుంది. అప్పుడు ఫార్ములా 19వ తప్పుని, అంటే 41ని తీసుకుంటుంది. రేపటి రేంజ్ ప్లస్ ఆర్ మైనస్ 41 అయిపోతుంది. సరిగ్గా వస్తే 0.102, మళ్లీ 23కే. ఇలా నడిపితే డేటా ఎంత మారినా, చాలా రోజుల సగటున తప్పు రేటు 10 శాతం దగ్గరికి వస్తుంది. 0.02 పెంచితే త్వరగా సర్దుకుంటుంది, కానీ రేంజ్ రోజూ ఊగుతుంది. ఇది దెబ్బ తిన్నాకే నేర్చుకుంటుంది, భోగి రోజు ముందే హెచ్చరించదు. పండగ తేదీ ముందే తెలుసు కదా, దాన్ని మోడల్‌కే ఇవ్వండి.