ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఫంక్షన్ మెసేజ్: తేదీ దగ్గరే ఎందుకు తేడా కొడుతుంది?

పోయినేడాది మా గృహప్రవేశానికి గ్రూపులో మెసేజ్ పెట్టింది నేనే. "9న రాత్రి 3:12కి ముహూర్తం, అందరూ తప్పకుండా రావాలి" అని రాశాను. బ్లూ టిక్కులు వచ్చాయి, చేతులు జోడించిన ఎమోజీలు వచ్చాయి. పాలు పొంగే టైంకి మా బాబాయ్ మాత్రం లేడు. ఆయన 9వ తేదీ మధ్యాహ్నం బస్సు దిగాడు. "రాత్రి కదరా ముహూర్తం?" అన్నాడు. అప్పటికి షామియానా కూడా విప్పేశారు. నాన్నకి ఉన్నది ఒక్క తమ్ముడు.

తప్పు బాబాయ్‌ది కాదు. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి పంతులుగారు "గురువారం రాత్రి 3:12" అన్నారు. ఫోన్ క్యాలెండర్‌లో మాత్రం అర్ధరాత్రి 12 దాటగానే తేదీ మారిపోతుంది, అంటే అది 9, శుక్రవారం. నేను తేదీ ఫోన్‌లోంచి, "రాత్రి" అనే మాట పంతులుగారి నోట్లోంచి తీసుకుని కలిపేశాను. శుభలేఖల్లో "తెల్లవారితే శుక్రవారం" అని వేసేది ఈ గందరగోళం రాకూడదనే.

ఈ ఏప్రిల్‌లో అక్క వాళ్ల గృహప్రవేశం వచ్చింది. మళ్లీ తెల్లవారుజాము ముహూర్తమే. ఈసారి ఇలా రాశాను:

```
*అక్క గృహప్రవేశం*
*ఏప్రిల్ 23 గురువారం రాత్రి భోజనాల టైంకి వచ్చేయండి*
ముహూర్తం తెల్లవారుజామున 3:40 (తెల్లవారితే 24, శుక్రవారం)
పాత ఇంటి నుంచి వ్యాన్ 2:30కి

1. పూలు, మామిడాకులు: @పద్మ, 23 సాయంత్రం 6 లోపు
2. పాల గిన్నె, గ్యాస్ స్టవ్: @కిరణ్, రాత్రి 9 లోపు

వంటవాళ్లకి లెక్క చెప్పాలి. 20 సోమవారం రాత్రి 8 లోపు కింద పోల్‌లో ఎంతమందో నొక్కండి.
```

మొదటి మార్పు గమనించారా? ముహూర్తం కంటే ముందు, ఎప్పటికి చేరుకోవాలో రాశాను. టికెట్ బుక్ చేసుకునేవాళ్లకి కావాల్సింది ఆ తేదీ. అది పైనే ఉండాలి, ఎందుకంటే మెసేజ్ మరీ పొడవైతే వాట్సాప్ కింది భాగాన్ని "Read more" వెనక దాచేస్తుంది. మాటకి అటూ ఇటూ * పెడితే బోల్డ్ అవుతుంది. అయితే బోల్డ్ రెండు లైన్లకే ఉంచండి. అన్నీ బోల్డ్ చేస్తే ఏదీ కనపడదు.

ఇక పనుల సంగతి. పోయినసారి "పూలు అత్తయ్య తెస్తుంది" అని రాశాను. గ్రూపులో అత్తయ్యలు ముగ్గురు. ప్రతి ఒక్కరూ ఇంకో అత్తయ్య అనుకున్నారు, చివరికి ఆ రాత్రి పూల కోసం మార్కెట్‌కి పరిగెత్తింది నేను. ఫ్యామిలీ గ్రూపులో వరసలు అలాగే ఉంటాయి మరి, నాకు అత్తయ్య అయిన మనిషి ఇంకొకరికి అమ్మ. అందుకే @ కొట్టి లిస్టులోంచి పేరు ఎంచుకోండి. ఆ నంబర్ ఎవరి ఫోన్‌లో ఏ పేరుతో సేవ్ అయి ఉంటే వాళ్లకి ఆ పేరే కనిపిస్తుంది. నాకు "పద్మ అత్త", వాళ్ల అబ్బాయికి "అమ్మ". పైగా ఆవిడకి విడిగా నోటిఫికేషన్ వెళ్తుంది.

పోల్‌లో "వస్తాం, రాము" అని పెట్టకండి, తలల లెక్క తేలదు. నేను "ఒక్కరం, ఇద్దరం, ముగ్గురం, నలుగురం, ఇంకా ఎక్కువ, రాలేకపోతున్నాం" అని ఇచ్చి, "Allow multiple answers" ఆఫ్ చేశాను. ఇంటికి ఒక్కరే నొక్కమని కూడా చెప్పాలి. నేను మర్చిపోయాను, దాంతో మామయ్య వాళ్లింట్లో నలుగురూ "నలుగురం" నొక్కారు! ఇక మర్యాద అంటారా, "దయచేసి" అంటే మా ఇంట్లో ఆఫీసు నోటీసులా ఉంటుంది. లెక్క ఎందుకు కావాలో ఒక్క ముక్క చెబితే సరిపోయింది. పెద్దవాళ్లని మాత్రం ముందే ఫోన్ చేసి పిలిచాం. గ్రూపు మెసేజ్‌ని వాళ్లు పిలుపు కింద లెక్కేయరు.

పెట్టాక మెసేజ్‌ని నొక్కిపట్టి "Pin" చేసి 30 రోజులు ఎంచుకోండి. లేదంటే సాయంత్రానికి గుడ్ మార్నింగ్ ఫోటోల కింద పడిపోతుంది. తేదీ తప్పు పడితే 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయొచ్చు. ఆ టైం దాటితే "సారీ, 24 కాదు 23" అని కింద ఇంకోటి తగిలించకండి. పాతదాన్ని అందరికీ డిలీట్ చేసి మొత్తం మళ్లీ పెట్టండి, లేకపోతే రెండు తేదీలూ గ్రూపులో తిరుగుతుంటాయి.

"Message info"లో ఎవరు చూశారో తెలుస్తుంది, అర్థమైందో లేదో తెలియదు. పోయినసారి బాబాయ్ పేరు కూడా ఆ లిస్టులో ఉంది. అందుకే ఈసారి ఫోన్ చేసి "ఏ రోజు బయల్దేరుతున్నావ్ బాబాయ్?" అని అడిగాను. "గురువారం పొద్దున బస్సుకి. టికెట్ ఫోటో పెట్టనా?" అన్నాడు.