పుట్ ఆప్షన్: వాటాలకు బీమా

కాలేజీ ఇన్వెస్ట్‌మెంట్ క్లబ్‌లో ఆప్షన్ల గురించి మాట్లాడే వక్త ముందుగా ఒక నిజం చెప్పి తీరాలి. ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది 2022-24 ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని సెబీ 2024లో తేల్చింది. మరి బీమా అనడం ఎలా?

ఒక లెక్క చూద్దాం. ఒకరి దగ్గర వెయ్యి రూపాయల ధర ఉన్న షేర్లు 500 ఉన్నాయి. త్వరలో కంపెనీ ఫలితాలు రానున్నాయి. ఆయన షేరుకు 20 రూపాయల ప్రీమియం కట్టి, నెలాఖరు గడువుతో 950 రూపాయల పుట్ ఆప్షన్ కొన్నారు. ఖర్చు 10,000. గడువు నాటికి ధర 800కి పడిపోయినా, 950కి అమ్ముకునే హక్కు ఆయనది. లేకుంటే లక్ష పోయేది. ఇప్పుడు ప్రీమియంతో కలిపి 35,000తో ఆగుతుంది. వాహన బీమాలో కొంత ఖర్చు యజమానే భరించినట్టు, మొదటి 50 రూపాయల పతనం ఆయనదే.

ధర పెరిగితే? ప్రీమియం పోతుంది, లాభం షేర్లలో మిగులుతుంది. 1,020 దాటితేనే అసలు లాభం.

అయితే ఇదే రక్షణ నెలనెలా కొంటే ఏడాదికి 1,20,000 అవుతుంది. ఐదు లక్షల పెట్టుబడికి ఇది మోయలేని భారం. అందుకే ఫలితాల వంటి గండం ముందున్నప్పుడే కొనడం మేలు.

ఇక లాట్ సంగతి. ఈ ఆప్షన్ లాట్ 500 అయితే, 50 షేర్లే ఉన్న విద్యార్థికి మిగతా 450 మీద అది బీమా కాదు, పందెమే.