టాస్కు ఉంది, మీకే కనిపించదు

ఒకే బోర్డు, ఒకే ఫిల్టరు. మేనేజరు స్క్రీన్ మీద 40 టాస్కులు ఉంటే, పక్క సీట్లోని టెస్టర్‌కు 37 మాత్రమే కనిపిస్తాయి. మిగతా మూడూ ఏమయ్యాయని అడిగితే రిఫ్రెష్ చేయమనో, లాగౌట్ అయి మళ్లీ రమ్మనో సలహాలు వస్తాయి. నిజానికి రెండు స్క్రీన్లూ సరిగ్గానే పనిచేస్తూ ఉండొచ్చు. టాస్కుల జాబితా అందరికీ ఒకేలా ఉండదు. ఎవరు తెరిస్తే వాళ్లకున్న అనుమతుల మేరకు అప్పటికప్పుడు తయారవుతుంది. చూడకూడని టాస్కులు అందులోకి రావు, వాటిని తీసేశామన్న మాట కూడా ఎక్కడా ఉండదు.

ఐటీ ఆఫీసుల్లో ఎక్కువగా వాడే జిరా సంగతే చూద్దాం. ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ కంపెనీ 2002లో తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. ఇందులో ఒక టాస్కు కనిపించాలంటే మూడు అనుమతులు దాటాలి. అపార్ట్‌మెంట్‌లో ఒకరి నగలు చూడాలంటే ముందు వాచ్‌మన్ గేటు తీయాలి, తర్వాత ఫ్లాట్ తలుపు తెరుచుకోవాలి, ఆపైన బీరువా తాళం ఉండాలి. ఇదీ అంతే.

మొదటిది కంపెనీ జిరాలోకి అడుగుపెట్టే అనుమతి. ఉద్యోగంలో చేరగానే వచ్చే లాగిన్‌తో ఇది దొరుకుతుంది. చాలామంది దీంతోనే అన్నీ కనిపిస్తాయనుకుంటారు.

రెండోది ప్రాజెక్టు స్థాయిలో ఉంటుంది. ప్రతి ప్రాజెక్టుకూ ఒక అనుమతుల పట్టిక ఉంటుంది. టాస్కులు చూడడం, కొత్తవి పెట్టడం, మార్చడం, మూసేయడం ఇవన్నీ ఆ పట్టికలో వేర్వేరు వరుసలు. చూడడానికి సంబంధించిన అనుమతి పేరు Browse Projects. ఇది లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా టాస్కులు కనిపించవు. సాధారణంగా ఈ అనుమతిని మనుషుల పేర్ల మీద కాకుండా రోల్ మీద ఇస్తారు. డెవలపర్, టెస్టర్ లాంటి రోల్‌కు పట్టికలో ఒకసారి అనుమతి పెడితే చాలు. ఆ తర్వాత మనిషిని రోల్‌లో చేర్చడం, తీసేయడమే పని.

మూడోది ఒక్కో టాస్కు మీద ఉండే సెక్యూరిటీ లెవెల్. ప్రాజెక్టులో అందరూ అన్నీ చూస్తున్నా, ఒక టాస్కుకు ఈ లెవెల్ పెడితే అందులో పేరున్నవాళ్లకే అది కనిపిస్తుంది. దాని కింద చేసిన సబ్‌టాస్కులు కూడా అదే కట్టుబాటులోకి వస్తాయి. జిరా అడ్మినిస్ట్రేటర్ కూడా ఆ లెవెల్‌లో లేకపోతే టాస్కును చూడలేరు. అయితే తనను తాను చేర్చుకునే అధికారం ఆయనకు ఉంటుంది.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ. పేమెంట్స్ ప్రాజెక్టులోకి కొత్తగా ఒక టెస్టర్ వచ్చింది. సీనియర్ చాట్‌లో లింకు పంపి, "PAY-142 సాయంత్రంలోగా చూసేయమ్మా" అన్నాడు. ఆమె నొక్కితే టాస్కు తెరుచుకోలేదు. అలాంటి టాస్కు లేదు, లేదా దాన్ని చూసే అనుమతి మీకు లేదు అన్న సందేశం వచ్చింది. రెండింటిలో ఏది నిజమో జిరా చెప్పదు, కావాలనే చెప్పదు. "ఉంది కానీ మీకు చూపించం" అంటే ఆ నంబరుతో ఏదో రహస్యం ఉందని ఒప్పుకున్నట్టే. గిట్‌హబ్ కూడా ప్రైవేట్ రిపాజిటరీని అనుమతి లేనివాళ్లు తెరిస్తే పేజీయే లేదన్నట్టు 404 చూపిస్తుంది.

ఎక్కడ ఆగిందో ఆమె కొంతవరకు తానే తెలుసుకోవచ్చు. ప్రాజెక్టుల జాబితాలో పేమెంట్స్ పేరే లేకపోతే ఆగింది రెండో మెట్టు దగ్గర. ప్రాజెక్టు కనిపించి, PAY-141, PAY-143 తెరుచుకుని, 142 ఒక్కటే రాకపోతే సెక్యూరిటీ లెవెల్‌ను అనుమానించాలి. టాస్కును ఎవరైనా తొలగించి ఉన్నా ఇలాగే కనిపిస్తుంది. కానీ సీనియర్ స్క్రీన్ మీద అది తెరిచే ఉంది కాబట్టి ఇక్కడ ఆ అవకాశం లేదు.

బోర్డులో కనిపించని ప్రతిదానికీ అనుమతే కారణం కాదు. ముందుగా కంపెనీ జిరా చిరునామా చివర /browse/PAY-142 అని కొట్టి చూడాలి. టాస్కు తెరుచుకుంటే అనుమతి ఉన్నట్టే. లోపం బోర్డు అమరికలో ఉంది. బోర్డు ఫిల్టరు దాన్ని పట్టుకోకపోవచ్చు, లేదా ఆ టాస్కు స్టేటస్‌కు బోర్డులో కాలమ్ కేటాయించి ఉండకపోవచ్చు. కాన్‌బాన్ బోర్డుల్లో పూర్తయిన టాస్కులు రెండు వారాలు దాటాక కనిపించకుండా చేసే ఏర్పాటూ ఉంది. ఇలాంటప్పుడు అడ్మిన్‌కు యాక్సెస్ కోసం రాయడం దండగ. బోర్డు చూసుకునేవాళ్లను అడగాలి.

ఇంకో అపోహ కూడా ఉంది. ఫిల్టరునో బోర్డునో షేర్ చేస్తే అందులోని టాస్కులు కూడా షేర్ అయినట్టేనని అనుకుంటారు. అవతలివాళ్లకు చేరేది వెతికే పద్ధతి మాత్రమే, ఫలితాలు ఎవరి అనుమతి మేరకు వాళ్లవి. కామెంట్‌లో పేరు పెట్టి పిలిచినా అంతే. చూసే అనుమతి లేనివాళ్లకు ఆ కబురే అందదు. "ట్యాగ్ చేశాను కదా, ఎందుకు జవాబివ్వలేదు" అన్న తగాదాల్లో కొన్ని ఇక్కడ పుట్టినవే.

అసలు ఎవరిని అడగాలి? ప్రాజెక్టు కనిపిస్తుంటే వివరాల్లో ప్రాజెక్టు లీడ్ పేరు ఉంటుంది. అదీ కనిపించకపోతే లింకు పంపినవాళ్లే దారి చూపాలి. "నాకు జిరా యాక్సెస్ ఇవ్వండి" అని ఒక్క ముక్క రాస్తే ఏ ప్రాజెక్టు, ఎందుకు అని ఎదురు ప్రశ్నలే వస్తాయి. అందుకు బదులు ఇలా రాయొచ్చు:

"నమస్తే అండీ. పేమెంట్స్ టెస్టింగ్‌లో ఈ వారం చేరాను. PAY-142 టెస్ట్ చేయమన్నారు, లింకు తెరుచుకోవడం లేదు. ప్రాజెక్టులో మిగతా టాస్కులు కనిపిస్తున్నాయి, ఇది ఒక్కటే రావడం లేదు. స్క్రీన్‌షాట్ జత చేశాను. చూసి కామెంట్ రాయగలిగితే చాలు. రిలీజ్ అయ్యేదాకా కావాలి. మా లీడ్‌ను కూడా ఈ మెయిల్‌లో పెట్టాను."

ఇందులో టాస్కు నంబరు ఉంది, ఏ మెట్టు దగ్గర ఆగిందో ఉంది, కావాల్సిన అధికారం ఎంతో, ఎన్నాళ్లో ఉంది. ఒప్పుకోవాల్సిన మనిషీ ఎదురుగా ఉన్నారు. జిరా అడ్మినిస్ట్రేటర్ దగ్గర Permission Helper అనే పరికరం ఉంటుంది. అందులో యూజర్ పేరు, టాస్కు నంబరు, అనుమతి పేరు ఇస్తే ఏ నిబంధన దగ్గర ఆగిందో చూపిస్తుంది. నంబరు లేని విన్నపంతో ఆ పరికరం ఏమీ చెప్పలేదు.

తొందరలో "అందరితో పాటు నన్నూ ఆ గ్రూపులో వేసేయండి" అనడం మంచిది కాదు. రోల్ ఆ ఒక్క ప్రాజెక్టుకే పరిమితం. గ్రూపు మాత్రం కంపెనీ జిరా మొత్తానికి ఒకటే. దాన్ని వాడుకుంటున్న ప్రాజెక్టులన్నీ ఒక్కసారిగా తెరుచుకోవచ్చు. అడ్మిన్లు జంకేది అందుకే.

కొన్నిసార్లు జవాబు 'కుదరదు' అనే వస్తుంది. PAY-142లో ఇంకా సరిచేయని భద్రతా లోపం వివరాలో, ఒక కస్టమర్ ఖాతా సమాచారమో ఉండొచ్చు. అప్పుడు టెస్టర్‌కు కావాల్సింది ఆ టాస్కు కాదు, టెస్ట్ చేయాల్సిన అంశం. ఆ మేరకు వివరాలతో విడిగా ఒక టాస్కు పెట్టమని అడిగితే పని ఆగదు.

యాక్సెస్ వచ్చాక లింకు తెరిచి, ఒక కామెంట్ రాసి చూసుకోండి. చూడడానికి, రాయడానికి అనుమతులు వేరు కాబట్టి ఒకటి వచ్చి రెండోది రాకపోవచ్చు. పని ముగిశాక మరో మెయిల్ కూడా రాయండి. రోల్‌లో చేర్చిన పేరు ఎవరో ఒకరు తీసేదాకా అలాగే ఉండిపోతుంది, అడ్మిన్‌కు అది గుర్తుచేయగలిగింది మీరే.