‘అహా ఎంత మంచి నిర్ణయం!’ మెచ్చుకోలా, వెటకారమా?

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెడుతూ జీవోలు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఈ గొడవ మీద టీవీ చర్చలు, యూట్యూబ్ వీడియోలు బోలెడన్ని వచ్చాయి. అలాంటి ఒక వీడియో మీద జనం రాసిన మాటలన్నీ పోగేసి, ఎంతమంది ఔనన్నారో ఎంతమంది కాదన్నారో తేల్చే పని ఒక పరిశోధక విద్యార్థి చేతికి వచ్చిందనుకుందాం. ఆ పని ఎక్కడ బోల్తా కొడుతుందో ఈ ఒక్క వ్యాఖ్యలోనే కనిపిస్తుంది. (ఇక్కడి వ్యాఖ్యలు ఎవరివీ కావు, తీరు చూపడానికి రాసినవి.)

```
Aha entha manchi nirnayam! Mari mantri gari manavadu kuda ade badilo cheruthadu le 👏👏
```

మాటల పట్టిక పెట్టుకుని లెక్కించే పాతకాలపు పద్ధతికి ఇది అచ్చమైన ప్రశంస. ‘మంచి’ అనే మాట ఉంది, చప్పట్లు ఉన్నాయి, తిట్టు ఒక్కటీ లేదు. తెలుగువాడు మాత్రం చదవగానే నవ్వుతాడు. మంత్రిగారి మనవడు ఆ బడి గడప తొక్కడని రాసినవాడికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు.

వెటకారం దాకా వెళ్లకముందే అక్షరాల దగ్గర చిక్కు మొదలవుతుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయడానికి ఆర్‌టీఎస్ లాంటి కచ్చితమైన పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఫోన్‌లో టైపు చేసే జనానికి వాటితో పనిలేదు, చేతికి వచ్చినట్టు కొడతారు. చదువు అనే మాటే `chaduvu`, `chadhuvu`, `caduvu` అని మూడు రకాలుగా దిగుతుంది. దీర్ఘాలు ఎగిరిపోతాయి కనుక `kalam` అంటే కలమో కాలమో పక్క మాటలు చూస్తే గానీ తెలియదు. ఇక `me pillalu` అని రాస్తే మనకు అది ‘మీ పిల్లలు’, యంత్రానికి మొదటి మాట ఇంగ్లిష్. `are`, `ante` లాంటి మాటలూ ఇంతే. రెండు భాషల్లోనూ కాలు పెట్టి కూర్చుంటాయి.

వ్యతిరేకార్థం ఇంకో తలనొప్పి. తెలుగులో ‘లేదు’ తరచుగా క్రియ కడుపులోనే దాక్కుంటుంది. `nachaledu` అన్న మాటలో మొదటి నాలుగైదు అక్షరాలు చూసి ‘నచ్చింది’ ఖాతాలో వేస్తే లెక్క తలకిందులే. అందుకని మాటను మాటగా కాక, మూడు నుంచి అయిదు అక్షరాల ముక్కలుగా కోసి యంత్రానికి ఇస్తారు. అప్పుడు `nachaledu`, `nachhaledu` రెండింట్లోనూ `ledu` అనే ముక్క దొరుకుతుంది. గూగుల్ విడుదల చేసిన మ్యూరిల్ లాంటి భాషా నమూనాలకు భారతీయ భాషలను ఇంగ్లిష్ అక్షరాల్లోనూ చూపించి శిక్షణ ఇచ్చారు. స్పెల్లింగుల బెడద అక్కడ కొంత తగ్గుతుంది.

ఈ దశలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. శుభ్రం చేస్తున్నామని `superrrrr`ను `super`గా కుదిస్తారు, ఎమోజీలు తీసేస్తారు, ‘లే’, ‘మరి’, ‘అట’ లాంటి చిన్నమాటలను పనికిరానివని ఏరేస్తారు. తెలుగు వెటకారం బతికేది అక్కడే. పై వ్యాఖ్యలో ‘అహా’నూ ‘మరి’నీ చివరి ‘లే’నూ తీసేస్తే మిగిలేది నిజంగానే మెచ్చుకోలు. ‘ఇంగ్లిష్ వస్తే ఉద్యోగాలు వస్తాయి’ అన్నది అభిప్రాయం. ‘వస్తాయట’ అంటే ఆ మాట తనది కాదని చెప్పడం. అనుచితమైన చోట ‘గారు’ చేర్చడం, కిందివాడిని ‘మహానుభావుడు’ అనడం కూడా ఇలాంటి గుర్తులే. కాబట్టి శుభ్రం చేసిన ప్రతి పక్కన అసలు ప్రతి కూడా ఉంచుకోవాలి. అలాగని ‘లే’ ఉన్నదల్లా వెటకారం కాదు. ‘పర్లేదు లే’ అన్నది ఓదార్పు. ‘చంపేశావ్ అన్నా’ అన్నది చూడబోతే ఘోరం, నిజానికి గొప్ప పొగడ్త.

అన్నింటికన్నా పెద్ద తప్పు ప్రశ్నలోనే ఉంటుంది. వ్యాఖ్య పొగిడిందా తిట్టిందా అన్నది ఒకటి, విషయం మీద రాసినవాడు ఏ పక్షం అన్నది ఇంకొకటి. వీడియోలో మాట్లాడినాయన ఇంగ్లిష్ మీడియంకు వ్యతిరేకి అయితే, ‘అన్నా, సూపర్‌గా చెప్పావ్’ అన్న పొగడ్త ఆ నిర్ణయానికి వ్యతిరేక ఓటు. ఇప్పుడు దీన్ని చూడండి:

```
Telugu medium kavali anta, valla pillalu matram convent lo
```

ఇది నిష్ఠూరం. అయినా రాసినవాడు ఇంగ్లిష్ మీడియం వైపు ఉన్నట్టే కనిపిస్తుంది. మరి మంత్రి మనవడి మాట ఎత్తినవాడో? అతను తిట్టింది నాయకుల కపటాన్ని. ఇంగ్లిష్ మీడియం కావాలా వద్దా అన్నది అతను చెప్పనేలేదు. ‘మీ పిల్లలు ఎక్కడ చదువుతున్నారు?’ అన్న ప్రశ్న ఆ రోజుల్లో రెండు పక్షాలూ వాడుకున్నవే కనుక, ఈ తేడా పట్టుకోకపోతే లెక్క ఎటైనా పోతుంది. అందుకే ప్రతి వ్యాఖ్యకూ మూడు గడులు పెట్టుకోవాలి: ఎవరిని ఉద్దేశించింది, వెటకారమా కాదా, విషయం మీద పక్షం ఏది. మూడో గడిలో ‘తెలియదు’ అని రాసే వీలు ఉండి తీరాలి. జవాబుగా రాసిన వ్యాఖ్య అయితే, అది దేనికి జవాబో పైమాటతో కలిపి చదవాలి.

ఈ గడులు నింపేది మొదట మనుషులే. కనీసం ముగ్గురు, ఒకరిది ఒకరు చూడకుండా గుర్తులు పెట్టాలి. ముగ్గురూ ఒకే ఊరివాళ్లు, ఒకే పార్టీ అభిమానులు కాకుండా చూసుకోవాలి. గోదావరి జిల్లాల వెటకారం ఇంకో ప్రాంతం మనిషికి మర్యాదగా వినిపించవచ్చు, తనకు గిట్టని పార్టీ మీద చురకను ఎవరైనా చప్పున పట్టేస్తారు. మనుషుల మధ్యే పొత్తు కుదరని వ్యాఖ్యలను యంత్రం తేలుస్తుందని ఆశపడకూడదు.

తర్వాత యంత్రం చెప్పిన అంకెను సరిదిద్దాలి. వెయ్యి వ్యాఖ్యల్లో 600 అనుకూలమని యంత్రం అందనుకుందాం. వాటిలోంచి ఏ వరుసా చూడకుండా 100 తీసి మనిషి చదివితే 30 వెటకారంగా తేలాయి. అంటే నిజంగా అనుకూలమైనవి 600 కాదు, 420 దగ్గర. చదివింది వందే కాబట్టి అసలు సంఖ్య సుమారు 365 నుంచి 475 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ‘మెజారిటీ జనం ఔనన్నారు’ అన్న మాట అక్కడితో కూలిపోయింది. మిగిలిన 400లో నుంచి కూడా ఇలాగే కొన్ని తీసి చదవాలి, ‘చంపేశావ్’లు అక్కడ చేరి ఉంటాయి.

వెటకారాన్ని 90 శాతం కచ్చితత్వంతో పడతామని ఎవరైనా చెబితే ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. పది వ్యాఖ్యల్లో ఒకటే వెటకారమైతే, ఏదీ వెటకారం కాదని కళ్లు మూసుకుని చెప్పే యంత్రానికీ 90 శాతం వస్తుంది. అడగాల్సింది అది కాదు, అసలైన వెటకారాల్లో ఎన్నింటిని పట్టిందన్నది.

కాబట్టి ఏదైనా వివాదం మీద ‘నెటిజన్లలో ఇంత శాతం మద్దతు’ అని వార్త కనిపిస్తే, ఇంగ్లిష్ అక్షరాల తెలుగును లెక్కలోకి తీసుకున్నారా, యంత్రం తేల్చినవాటిలో ఎన్నింటిని మనుషులు తిరిగి చదివారు, ‘తెలియదు’ గడిలో ఎన్ని పడ్డాయి అన్నవి వెతకండి. ఈ మూడూ చెప్పని శాతాన్ని నమ్మనక్కర్లేదు. చెప్పినా అది వ్యాఖ్య రాసినవాళ్ల లెక్కే, రాయకుండా చూసి వెళ్లినవాళ్లది కాదు.