టాప్ 20 చూశారు సరే, మిగతా 180 సంగతేంటి?

యూట్యూబ్ ఛానెల్ పెట్టాలనుకునేవాళ్లు చాలామంది మొదట చేసే పని ఒకటే. తమ రంగంలో బాగా నడుస్తున్న ఛానెల్‌ని ఒకదాన్ని పట్టుకుంటారు. Videos ట్యాబ్‌లోకి వెళ్లి Popular నొక్కుతారు. పైన కనిపించిన ఇరవై వీడియోల్లో ఉమ్మడిగా ఏముందో రాసుకుంటారు. థంబ్‌నెయిల్ మీద పసుపు అక్షరాలు, టైటిల్‌లో ధర, మొదటి ఐదు సెకన్లలో ‘వామ్మో’ అని ఓ కేక. ఇక మనమూ ఇదే చేస్తే సరి అనుకుంటారు.

సికింద్రాబాద్‌లో ప్యాట్నీ దగ్గర చిన్న గదిలో వీడియో ఎడిటింగ్ చేస్తుంటాను నేను. పెళ్లి వీడియోలతో అద్దె గడుస్తుంది, యూట్యూబ్ వాళ్ల పనితో సరదా తీరుతుంది. ఇలాంటి నోట్‌బుక్కులు నా టేబుల్ మీదికి తరచూ వస్తుంటాయి. ఈమధ్య బోయిన్‌పల్లి నుంచి ఓ తమ్ముడు తెచ్చాడు. మోండా మార్కెట్, జనరల్ బజార్, స్టేషన్ ఎదురుగా ఉండే ఇరానీ చాయ్ హోటళ్లు తిరుగుతూ స్ట్రీట్ ఫుడ్ వీడియోలు చేయాలని అతని ప్లాన్. దానికోసం కాల్‌సెంటర్ ఉద్యోగం మానేసి, కెమెరా ఈఎంఐలో తీసుకుందామనుకుంటున్నాడు. రాజీనామా లెటర్ ఫోన్‌లో డ్రాఫ్ట్‌గా ఉంది. అంత ధైర్యం ఆ నోట్‌బుక్కే ఇచ్చింది.

“అన్నా, ఇగో చూడు. టాప్ ఇరవైల పద్నాలుగింటికి టైటిల్ల రేటుంది. ఫార్ములా దొరికింది” అన్నాడు.

“మిగతా వీడియోలు చూసినవా?”

“అవి ఆడలేదు కదన్నా, చూసి ఏం జెయ్యాలె?”

చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఆ ఛానెల్ వీడియోలన్నీ లెక్కపెట్టాం. ఛానెల్ పేరు చెప్పను. అంకెలు కూడా మీకు సులువుగా పట్టుబడేలా గుండ్రంగా వేసి చెప్తాను. లెక్క ఎలా తిరగబడుతుందో చూస్తే చాలు.

ఛానెల్‌లో మొత్తం 200 వీడియోలున్నాయనుకోండి. టాప్ 20లో 14 వీడియోల టైటిల్‌లో ధర ఉంది. అంటే నూటికి 70. వినడానికి గట్టి సాక్ష్యమే. ఇప్పుడు మిగతా 180 కూడా చూస్తే, మొత్తం 200లో 150 వీడియోలకు టైటిల్‌లో ధర ఉందని తేలింది. అంటే ఆ ఛానెల్ వాళ్లకు ధర పెట్టడం అలవాటు. హిట్టయినవాటికీ పెట్టారు, ఫట్టయినవాటికీ పెట్టారు.

ఇక ప్రశ్నను తిప్పి అడగాలి. హిట్లలో ధర ఉన్నవెన్ని అని కాదు, ధర పెట్టినవాటిలో హిట్లెన్ని అని. ధర ఉన్న 150లో 14 హిట్లు, అంటే నూటికి సుమారు 9. ధర లేని 50లో 6 హిట్లు, అంటే నూటికి 12. తేడా చిన్నది, ఇంత తక్కువ వీడియోలతో దానికి పెద్ద అర్థమేమీ లేదు. ధర పెడితే దెబ్బ అని కాదు, ధర పెట్టడం వల్లే ఆడిందని చెప్పడానికి ఆధారం లేదని. మా తమ్ముడి ఫార్ములాలో మొదటి లైను అక్కడికక్కడే కొట్టేశాం.

గెలిచినవాటినే చూసి గెలుపుకి కారణం తేల్చేయడాన్ని సర్వైవర్‌షిప్ బయాస్ అంటారు. దీని గురించి ఎక్కడ చదివినా అబ్రహాం వాల్డ్ విమానాల కథ వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చిన విమానాల మీది తూటా దెబ్బలను బట్టి, తిరిగిరానివాటి సంగతి అంచనా వేసే పద్ధతిని 1943లో ఆయన రాసిచ్చారు. ఆయన చనిపోయింది మన దేశంలోనే. ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, 1950 డిసెంబరులో నీలగిరి కొండల్లో జరిగిన విమాన ప్రమాదంలో పోయారు. కానీ మన పనికి ఇంకా దగ్గరగా ఉండే లెక్క, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న మన సి.ఆర్.రావు గారిది.

రావు గారు క్లాసులో మగపిల్లలను ఓ ప్రశ్న అడిగేవారు. నీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములెంతమంది, అక్కచెల్లెళ్లెంతమంది? అందరి జవాబులూ కూడితే అన్నదమ్ముల లెక్క ఎప్పుడూ ఎక్కువే వచ్చేది. ఎందుకో నాలుగిళ్లతో చూద్దాం. ఇంటికి ఇద్దరేసి పిల్లలు. ఒక ఇంట్లో ఇద్దరూ అబ్బాయిలే. రెండిళ్లలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. నాలుగో ఇంట్లో ఇద్దరూ అమ్మాయిలే. నిజానికి నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు, సమానం. ఇప్పుడు అబ్బాయిలను మాత్రమే అడగండి. మొదటి ఇంటి అబ్బాయిలిద్దరూ ‘ఇద్దరు అన్నదమ్ములం’ అంటారు. మిగతా ఇద్దరూ ‘నేనొక్కణ్ని, ఒక అక్క’ అనో ‘ఒక చెల్లి’ అనో అంటారు. కూడితే అన్నదమ్ములు ఆరు, అక్కచెల్లెళ్లు రెండు! ఇద్దరమ్మాయిల ఇంటి నుంచి ఆ క్లాసులో చెయ్యెత్తేవాళ్లే లేరు. ఇద్దరబ్బాయిల ఇల్లు రెండుసార్లు చెయ్యెత్తింది.

Popular పేజీ కూడా అలాంటి క్లాసే. ఫ్లాపైన వీడియో అక్కడ చెయ్యెత్తదు.

దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది, దాన్ని జనం తక్కువగా పట్టించుకుంటారు. పనికిరానిది గొప్పగా కనబడటం ఒక్కటే కాదు, పనికొచ్చేది చేజారిపోతుంది. తమ్ముడి టాప్ 20లో నాలుగు వీడియోలు తెల్లవారుజామున హోటల్ వంటగదిలో తీసినవి. పిండి రుబ్బడం, పొయ్యి రాజేయడం, మాస్టర్‌తో కబుర్లు. ఇరవైలో నాలుగే కదా అని వాటిని వదిలేశాడు. మొత్తం లిస్టు చూస్తే, వంటగది వీడియోలు ఆ ఛానెల్‌లో ఉన్నవే పది. పదిలో నాలుగు హిట్. మిగతా 190లో హిట్టయింది 16, అంటే నూటికి ఎనిమిదికి కాస్త ఎక్కువ.

తమ్ముడు ఎగిరి గంతేశాడు. నేను ఆగమన్నాను. పది వీడియోలంటే ఏమంత లెక్క? రెండు అటూ ఇటూ అయితే కథ మారిపోతుంది. పైగా తేదీలు చూస్తే, ఆ నాలుగింటిలో రెండు రంజాన్ నెలలో పెట్టిన హలీమ్ వీడియోలు. ఆ నెలలో హలీమ్ అని రాస్తే చాలు, ఊరంతా వెతుకుతుంటుంది. వాటిని పక్కనపెడితే ఎనిమిదిలో రెండు మిగిలాయి. అయినా అది నయమే, కానీ రుజువు కాదు, అనుమానం మాత్రమే. ఉజ్జయిని మహంకాళి బోనాల వీడియోలతోనూ ఇదే గొడవ. ఆషాఢంలో లష్కర్ బోనాలప్పుడు వ్యూస్ ఎటూ పెరుగుతాయి, ఆ థంబ్‌నెయిల్స్‌లో పసుపు రంగు ఎటూ ఉంటుంది. రెండూ కలిపి చూసినవాడికి పసుపు రంగే వ్యూస్ తెచ్చిందనిపిస్తుంది.

మీరూ ఈ లెక్క వేయాలంటే Popular కాదు, Latest నొక్కండి. గత రెండు మూడు నెలల వీడియోలు వదిలేయండి, వాటికింకా వ్యూస్ చేరుతుంటాయి. దాని వెనక ఏడాదిలో వచ్చినవన్నీ, ఒక్కటీ వదలకుండా, షీట్‌లో ఎక్కించండి. తేదీ, వ్యూస్, మీకు అనుమానమున్న రెండు మూడు లక్షణాలు చాలు. ఆ లక్షణాలు వ్యూస్ చూడకముందే రాసుకోండి, లేకపోతే హిట్‌లో లేనిది కూడా కనబడుతుంది. హిట్ అంటే ఏమిటో కూడా ముందే తేల్చుకోండి. నేనైతే ఒక వీడియోని దాని ముందు వచ్చిన పది, వెనక వచ్చిన పదితో పోలుస్తాను. ఆ ఇరవైని వ్యూస్ వరసలో పెట్టి, మధ్యలో ఉన్నదానికి మూడు రెట్లు దాటితే హిట్ అంటాను. సగటు తీయకండి, ఒక్క వైరల్ వీడియో సగటుని ఆకాశానికి ఎత్తేస్తుంది. ఇలా చుట్టుపక్కల వాటితో పోలిస్తే, ఛానెల్‌కి వెయ్యి మంది ఉన్నప్పటి వీడియోకి, లక్ష మంది ఉన్నప్పటి వీడియోకి పోటీ పెట్టే తప్పు ఉండదు. రెండొందల వీడియోలకు ఒక సాయంత్రం, రెండు చాయ్‌లు పడతాయి.

ఇంత చేసినా కనబడనివి ఉంటాయి. ఆడని వీడియోల్ని చాలామంది డిలీట్ చేస్తారు, లేదా ప్రైవేట్‌లో పెడతారు. ప్లేలిస్ట్ తెరిచినప్పుడు Unavailable videos are hidden అని కనిపిస్తే, అక్కడ ఏదో తీసేశారని అర్థం. ఏడో భాగం తర్వాత తొమ్మిదో భాగం వచ్చినా అంతే. అలాంటి ఛానెల్‌లో మీ లెక్కకంటే అసలు ఫ్లాపులు ఎక్కువుంటాయి. థంబ్‌నెయిల్, టైటిల్ తర్వాత మార్చినవి కూడా ఉంటాయి. మీరు చూస్తున్నది హిట్ అయినప్పటి టైటిల్ కాకపోవచ్చు.

అంతకంటే పెద్ద గుంపు, ఛానెల్‌కి ఛానెలే ఆగిపోయినవాళ్లు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చిన ‘మై విలేజ్ షో’ చూసి, ఊరు, యాస, ఒక అవ్వ ఉంటే చాలనుకున్నవాళ్లు ఎందరో. ఆ ఛానెల్ మొదలైంది 2012లో. గంగవ్వ అందులోకి వచ్చింది ఆ తర్వాత కొన్నేళ్లకు. 2020లో ఆమె బిగ్‌బాస్‌కి వెళ్లేసరికి ఛానెల్‌కి ఎనిమిదేళ్లు. Popular పేజీలో గంగవ్వ కనబడుతుంది, ఆ మొదటి ఏళ్లు కనబడవు. అవ్వతోనే మొదలుపెట్టి, పదిహేను వీడియోలకు ఆపేసిన ఊళ్ల ఛానెళ్లు అసలే కనబడవు. అలాంటివి వెతకాలంటే మీ టాపిక్ సెర్చ్ చేసి, వేళ్లు నొప్పెట్టేదాకా కిందికి వెళ్లండి. వందల్లో వ్యూస్, చివరి అప్‌లోడ్ రెండేళ్ల కిందట ఉన్నవి పట్టుకోండి. పది దొరికితే, మీరు రాసుకున్న ఫార్ములా వాళ్లూ చేశారేమో చూడండి. మా తమ్ముడికి ఆరు దొరికాయి. ఆరింటిలోనూ టైటిల్‌లో ధర ఉంది. ఆ ఆరో ఛానెల్ చూశాక అతను చాలాసేపు మాట్లాడలేదు.

షార్ట్స్ విషయంలో ఇంకో జాగ్రత్త. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే అవడం మొదలైతే చాలు, వ్యూ కింద లెక్కేస్తున్నారు. మళ్లీ తిరిగి ప్లే అయినా లెక్కే. కాబట్టి ఆ తేదీకి ముందు షార్ట్‌నీ, తర్వాత షార్ట్‌నీ ఒకే షీట్‌లో కలపకండి. మామూలు వీడియోలకు వేరే షీట్, షార్ట్స్‌కి వేరే షీట్.

తమ్ముడు ఉద్యోగం ఇంకా మానలేదు. కెమెరా కూడా కొనలేదు. వారాంతాల్లో ఫోన్‌తోనే తీస్తున్నాడు, ఒక వారం వంటగది వీడియో, ఒక వారం మామూలు వీడియో. పండగ వారాలకు షీట్‌లో గుర్తు పెట్టుకుంటున్నాడు. ఏదీ డిలీట్ చేయొద్దని చెప్పాను. ఇప్పటికి పద్నాలుగయ్యాయి. వంటగదివి కాస్త ముందున్నాయి, కానీ ఏడుకి ఏడు పెట్టి తేల్చే లెక్క కాదు. కనీసం నలభై అయ్యాక చూద్దామన్నాను. అంటే వచ్చే బోనాలు దాటాలి.